లావు తోకల లెక్క: రాబడుల శ్రేణిలో స్క్యూనెస్, కర్టోసిస్, నార్మాలిటీ పరీక్ష

ఒక షేరు గానీ సూచీ గానీ రోజుకు ఎంత శాతం పెరిగిందో, ఎంత తగ్గిందో వరసగా రాసుకుంటే అది రాబడుల శ్రేణి. దాన్ని చూడగానే అడిగే ప్రశ్నలు రెండు. సగటున ఎంత వచ్చింది? ఆ సగటు చుట్టూ ఎంత ఊగింది? రెండోదానికి జవాబు ప్రామాణిక విచలనం. మార్కెట్ వాళ్లు దాన్నే సిగ్మా అంటారు. రాబడులు గంట ఆకారంలో ఉండే నార్మల్ విభాజనాన్ని పాటిస్తే ఈ రెండు అంకెలు చాలు. ఏ నష్టం ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందో వాటితోనే చెప్పేయవచ్చు. పాటించకపోతే మరో రెండు అంకెలు కావాలి. విభాజనం ఏ పక్కకు సాగిందో చెప్పేది స్క్యూనెస్. దాని చివరలు, అంటే తోకలు, ఎంత బరువుగా ఉన్నాయో చెప్పేది కర్టోసిస్. ఈ రెండింటినీ కలిపి, ఇది నార్మల్ శ్రేణే అనడానికి వీలుందా అని పరీక్షించేది జార్క్–బెరా పరీక్ష.

సూత్రాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. అవి మార్కెట్‌లో ఏం చెబుతాయో, ఏం చెప్పవో తెలియాలంటే ఒక నిజమైన శ్రేణిని చేత్తో లెక్కకట్టి చూడాలి. ఈ వ్యాసం అందుకు 2020 మార్చి నెల నిఫ్టీ 50ను తీసుకుంటుంది.

శ్రేణి

ఆ నెల 5న ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకుపై మారటోరియం వచ్చింది. 9న సౌదీ, రష్యాల మధ్య ఒప్పందం చెడి ముడిచమురు ధర కూలింది. కోవిడ్‌ను మహమ్మారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 11న ప్రకటించింది. 13న, 23న సూచీ పది శాతం పడి సర్క్యూట్ బ్రేకర్ తగిలి, మార్కెట్ మొత్తం 45 నిమిషాలు ఆగింది. 24 రాత్రి దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటన వెలువడింది. ఫిబ్రవరి 28న 11,201.75 దగ్గర ముగిసిన నిఫ్టీ మార్చి 31న 8,597.75 దగ్గర ముగిసింది. హోలీ సెలవు పోగా ట్రేడింగ్ జరిగినవి 21 రోజులు. ముగింపు ధరల మీద లెక్కకట్టిన ఆ 21 రాబడులు, శాతాల్లో, ఇవి:

```python
from scipy import stats
r = [-0.62, 1.53, -0.46, 0.16, -2.48, -4.90, 0.07,
     -8.30, 3.81, -7.61, -2.51, -5.56, -2.43, 5.83,
     -12.98, 2.51, 6.62, 3.89, 0.22, -4.38, 3.82]
print(stats.skew(r), stats.kurtosis(r))
print(stats.jarque_bera(r))
```

ఇవి సాధారణ రాబడులు. లాగ్ రాబడులు తీసుకుంటే 23వ తేదీ పతనం 12.98 కాకుండా 13.9 శాతం అవుతుంది. చిన్న కదలికల్లో ఈ రెండు పద్ధతులకూ తేడా కనబడదు. పెద్ద కదలికల్లో మాత్రం లాగ్ రాబడి నష్టాన్ని పెంచి, లాభాన్ని తగ్గించి చూపిస్తుంది. అందువల్ల రెండు నివేదికల స్క్యూనెస్‌లను పోల్చే ముందు ఎవరు ఏ రాబడి వాడారో చూసుకోవాలి.

ఈ 21 అంకెల సగటు రోజుకు −1.13 శాతం. ప్రామాణిక విచలనం 4.84 శాతం.

స్క్యూనెస్

ప్రతి రోజు రాబడిలోంచి సగటు తీసేస్తే మిగిలేది ఆ రోజు విచలనం. దాన్ని ఘనం చేయాలి. ఘనం చేసినా గుర్తు మారదు కాబట్టి పతనాలు రుణంగా, పెరుగుదలలు ధనంగా ఉండిపోతాయి. ఆ ఘనాల సగటును ప్రామాణిక విచలనపు ఘనంతో భాగిస్తే వచ్చేది స్క్యూనెస్. రెండు పక్కలా సమంగా ఉంటే అది సున్నా. కింది పక్క తోక పొడవైతే రుణం, పై పక్క పొడవైతే ధనం.

మార్చి 2020కి ఇది −0.52 వస్తుంది. చూడగానే అర్థమైనట్టే ఉంటుంది: పతనాల నెల, రుణ స్క్యూనెస్. కానీ ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో విడదీసి చూస్తే సంగతి వేరు. ఘనాల మొత్తం దాదాపు −1,239. అందులో 23వ తేదీ ఒక్కదాని వాటా −1,663. అంటే మిగిలిన ఇరవై రోజుల ఘనాలూ కలిసి కొంచెం ధనం వైపే ఉన్నాయి. ఆ ఒక్క రోజును తీసేసి సగటునూ విచలనాన్నీ మళ్లీ కడితే స్క్యూనెస్ −0.13కి వచ్చేస్తుంది. అది ఉన్నా లేనట్టే.

ఇది ఈ నెలకే పరిమితమైన విషయం కాదు. స్క్యూనెస్ మూడో ఘాతం మీద నడిచే అంకె కాబట్టి అన్నిటికన్నా దూరంగా పడ్డ ఒకటి రెండు రోజులే దాన్ని తేలుస్తాయి. నార్మల్ శ్రేణి నుంచి n అంకెలు తీసుకుంటే స్క్యూనెస్‌లో కేవలం యాదృచ్ఛికంగా వచ్చే ప్రామాణిక దోషం √(6/n). ఇరవై ఒక్క రోజులకు అది 0.53. మనకు వచ్చిన −0.52 ఆ దోషం లోపలే ఉంది. కాబట్టి ఈ నెల ఒక్కదాన్నే పట్టుకుని మార్కెట్ కిందికి వాలింది అనడానికి గణితం ఒప్పుకోదు.

ఏళ్ల తరబడి రోజువారీ రాబడులను తీసుకుంటే సూచీలకు స్క్యూనెస్ తరచు రుణంగానే వస్తుంది. అలా ఎందుకన్నదానికి ఫిషర్ బ్లాక్ 1976లో ఒక వివరణ ఇచ్చాడు. ధర పడినప్పుడు కంపెనీ విలువలో అప్పు వాటా పెరుగుతుంది, దాంతో షేరు మరింత ఊగుతుంది. అదొక్కటే కారణం అనలేం. పడుతున్న మార్కెట్‌లో మార్జిన్ కట్టలేక అమ్మేవాళ్లు ఉంటారు, పెరుగుతున్న మార్కెట్‌లో బలవంతంగా కొనేవాళ్లు అంతమంది ఉండరు.

కర్టోసిస్

విచలనాలను నాలుగో ఘాతానికి పెంచి, సగటు తీసి, ప్రామాణిక విచలనపు నాలుగో ఘాతంతో భాగిస్తే కర్టోసిస్ వస్తుంది. నార్మల్ విభాజనానికి దాని విలువ సరిగ్గా 3. ఆ 3ను తీసేయగా మిగిలింది అదనపు కర్టోసిస్. అది ధనమైతే తోకలు నార్మల్ కన్నా లావుగా ఉన్నట్టు.

ఈ మూడు దగ్గర జరిగే పొరపాటు చాలా మామూలు. పైథాన్‌లో `scipy.stats.kurtosis`, ఎక్సెల్‌లో `KURT` అదనపు కర్టోసిస్‌నే ఇస్తాయి. ఆర్ భాషలో `moments` ప్యాకేజీలోని `kurtosis` 3 తీయకుండా ఇస్తుంది. ఒకచోట 3.1 అని, మరోచోట 0.1 అని కనబడితే రెండూ ఒకటే కావచ్చు. తేల్చుకోవడం తేలిక: యాదృచ్ఛిక నార్మల్ అంకెలు ఒక లక్ష పుట్టించి అదే ఫంక్షన్‌కు ఇస్తే 3 చెబుతుందో సున్నా చెబుతుందో తెలిసిపోతుంది.

కర్టోసిస్‌కు ఆ పేరు పెట్టింది కార్ల్ పియర్సన్, 1905లో. రేఖ నడిమి భాగం కోసుగా ఉందా బల్లపరుపుగా ఉందా అన్నదే ఇది కొలుస్తుందన్న భావన అప్పటినుంచి పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. అది తప్పు. దాన్ని సాగనంపుతున్నట్టుగా పీటర్ వెస్ట్‌ఫాల్ 2014లో ఒక వ్యాసమే రాశాడు. మన శ్రేణిలోనే దీన్ని చూడవచ్చు. ఇరవై ఒక్క రోజుల్లో పదమూడు రోజులు సగటుకు ఒక సిగ్మా లోపలే ఉన్నాయి. నాలుగో ఘాతాల మొత్తంలో ఆ పదమూడు రోజుల వాటా మూడు శాతం కూడా లేదు. 23వ తేదీ ఒక్కదాని వాటా అరవై శాతం. నడిమి భాగం ఏ ఆకారంలో ఉన్నా కర్టోసిస్‌కు దాదాపు పట్టదు; దూరంగా పడ్డ రోజులే దాన్ని నిర్ణయిస్తాయి.

ఇంత చెప్పాక మార్చి 2020 కర్టోసిస్ ఎంతో చూద్దాం. అది 2.85. అదనపు కర్టోసిస్ −0.15. నిఫ్టీ ఒక్క రోజులో పదమూడు శాతం కూలిన నెలలో తోకలు నార్మల్ కన్నా కాస్త సన్నగా తేలాయి.

జార్క్–బెరా పరీక్ష

మెక్సికోకు చెందిన కార్లోస్ జార్క్, మన దేశానికి చెందిన అనిల్ బెరా ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఉన్నప్పుడు 1980లో ఈ పరీక్షను ప్రచురించారు. వాళ్ల ఉద్దేశం రిగ్రెషన్ లెక్కల్లో మిగిలే దోషాలు నార్మలేనా అని చూడటం. తరవాత రాబడుల శ్రేణులకు ఇదే వాడుక పరీక్ష అయింది. S స్క్యూనెస్, K అదనపు కర్టోసిస్ అయితే:

```
JB = (n/6) × (S² + K²/4)
```

ఇందులో దాగి ఉన్నది సులువైన ఆలోచన. స్క్యూనెస్ ప్రామాణిక దోషం √(6/n), కర్టోసిస్‌ది √(24/n). రెండు అంకెలనూ వాటి వాటి దోషాలతో భాగించి, వర్గాలు చేసి కలిపితే వచ్చేదే పై సూత్రం. శ్రేణి నిజంగా నార్మల్ అయితే, n పెద్దదైతే, ఈ మొత్తం రెండు స్వతంత్రతా పరిమాణాల కై–వర్గ విభాజనాన్ని పాటిస్తుంది. అయిదు శాతం స్థాయికి గీత 5.99, ఒక శాతానికి 9.21. పి విలువకు పట్టిక కూడా అక్కర్లేదు, అది exp(−JB/2).

మార్చికి కడదాం. 21ని 6తో భాగిస్తే 3.5. S² 0.27, K²/4 దాదాపు 0.006. మొత్తం 0.97. పి విలువ 0.62. గీతకు చాలా కింద. ఈ శ్రేణి నార్మల్ కాదని చెప్పడానికి ఆధారం లేదన్నమాట.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా పట్టుకోవాలి. మొదటిది, ఆధారం లేదనడం నార్మల్ అని రుజువైందనడం కాదు. ఇరవై ఒక్క అంకెలతో ఈ పరీక్షకు చూపు తక్కువ. చిన్న నమూనాల్లో 5.99 అనే గీత కూడా సరిపోదు. అసలు గీత అంతకన్నా కిందే ఉంటుంది, దాన్ని సిమ్యులేషన్‌తో కనుక్కోవాలి. మన 0.97 ఎలా చూసినా కిందే కాబట్టి ఇక్కడ ఫలితం మారదు. రెండోది అసలు సంగతి. 23వ తేదీ పతనం ఆ నెల సిగ్మాతో కొలిస్తే సగటుకు 2.45 సిగ్మాల దూరం మాత్రమే. రోజూ అయిదు శాతం ఊగుతున్న మార్కెట్‌లో పదమూడు శాతం అంత పెద్ద వింత కాదు. తుఫానులో పుట్టి తుఫానులోనే ఉన్నవాడికి ఆ అల మామూలు అలే. లావు తోక తుఫానులో లేదు, ప్రశాంతమైన రోజులనూ తుఫాను రోజులనూ ఒకే దస్త్రంలో కట్టినప్పుడు పుడుతుంది.

కలిపినప్పుడు ఏమవుతుంది

దీన్ని అంకెల్లో చూడటానికి ఒక నమూనా ఏడాది తీసుకుందాం. అందులో 229 రోజులు మామూలువి. వాటి సిగ్మా 0.9 శాతం, రాబడులు శుద్ధంగా నార్మల్ అనుకుందాం. మిగిలిన 21 రోజులు మార్చి 2020 రోజులు, సిగ్మా 4.84 శాతం. వాటినీ నార్మల్ అనే అనుకుందాం; పరీక్ష అందుకు అడ్డు చెప్పలేదు కదా. సగటులను పక్కనపెడితే 250 రోజుల వ్యత్యాసం, అంటే సిగ్మా వర్గం, రెండు గుంపుల వ్యత్యాసాల సగటు: (229 × 0.81 + 21 × 23.44) / 250 = 2.71. ఏడాది సిగ్మా 1.65 శాతం.

నార్మల్ గుంపులు కలిసిన శ్రేణికి కర్టోసిస్ కట్టే సూత్రం ఇది: సిగ్మా నాలుగో ఘాతాల సగటును, సిగ్మా వర్గాల సగటు వర్గంతో భాగించి మూడుతో హెచ్చించాలి. ఇక్కడ నాలుగో ఘాతాల సగటు 46.8. దాన్ని 7.35తో భాగించి 3తో హెచ్చిస్తే 19. అదనపు కర్టోసిస్ 16. స్క్యూనెస్‌ను సున్నా అనుకున్నా జార్క్–బెరా అంకె సుమారు 2,700. గీత 5.99.

రెండు నార్మల్ గుంపులు. దేనికదే పరీక్షలో నెగ్గుతుంది. కలిపితే ఇంత ఘోరంగా ఓడుతుంది. మార్కెట్ రాబడుల లావు తోకల్లో చాలా భాగం ఇలాగే తయారవుతుంది: ఊగుడు స్థిరంగా ఉండదు, ప్రశాంత రోజులు ప్రశాంత రోజుల పక్కన, అల్లకల్లోలం అల్లకల్లోలం పక్కన గుంపుగా వస్తాయి. రాబర్ట్ ఎంగిల్ 1982లో ఆర్చ్ నమూనాను, టిమ్ బోలెర్‌స్లెవ్ 1986లో గార్చ్ నమూనాను తెచ్చి గణితంలోకి ఎక్కించింది ఈ గుంపు స్వభావాన్నే.

వాళ్లకు ఎంతో ముందే ఈ తోకలను చూసినవాళ్లున్నారు. పత్తి ధరల మార్పులు గంట రేఖలో ఇమడవని బెన్వా మాండెల్‌బ్రో 1963లో రాశాడు. అమెరికాలో డౌ జోన్స్ సూచీలోని ముప్ఫై షేర్లను యూజీన్ ఫామా 1965లో ఒక్కొక్కటిగా పరిశీలిస్తే నార్మల్ ఊహించినదాని కన్నా ఎక్కువ తీవ్రమైన రోజులే కనబడ్డాయి. 1987 అక్టోబర్ 19న డౌ ఒక్క రోజులో 22.6 శాతం పడ్డాక ఈ విషయం పరిశోధకుల గదుల్లోంచి రిస్క్ విభాగాల్లోకి వచ్చింది. తోక పైవైపు కూడా ఉంటుంది. 2009 మే 18న, ఎన్నికల ఫలితాల తరవాతి సోమవారం, సెన్సెక్స్ 17.34 శాతం ఎగసి మార్కెట్ ఆగిపోయింది. ఆ రోజు సూచీని ముందే అమ్మి ఉన్నవాడికి అది పతనంతో సమానం.

రిస్క్ లెక్కలో తేడా ఎక్కడ పడుతుంది

ఒక రోజులో వచ్చే నష్టం ఫలానా శాతాన్ని దాటే అవకాశం నూటికి ఒకటే అని చెప్పే గీతను వాల్యూ ఎట్ రిస్క్ అంటారు. నార్మల్ అనుకుంటే 99 శాతం గీత 2.33 సిగ్మాల దగ్గర, 95 శాతం గీత 1.645 సిగ్మాల దగ్గర ఉంటుంది. మన నమూనా ఏడాదికి సిగ్మా 1.65 కాబట్టి 99 శాతం గీత 3.84 శాతం నష్టం, 95 శాతం గీత 2.71 శాతం నష్టం.

ముందు 95 శాతం గీత చూద్దాం. నార్మల్ లెక్కలో 250 రోజుల్లో పన్నెండు పదమూడు రోజులు దాన్ని దాటాలి. దాటినవి ఎన్ని? మార్చిలో ఆరు: 9, 12, 16, 18, 23, 30 తేదీలు. మామూలు రోజులకు ఆ గీత మూడు సిగ్మాల దూరం కాబట్టి 229 రోజుల్లో ఒక్కటైనా దాటుతుందన్న నమ్మకం లేదు. అంటే ఇక్కడ నార్మల్ లెక్క అవసరానికి మించి భయపెట్టింది. ఇప్పుడు 99 శాతం గీత. దాటవలసినవి రెండు మూడు రోజులు. దాటినవి మళ్లీ అవే ఆరు.

లావు తోక అంటే అన్ని చోట్లా ప్రమాదం ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. తోకలోకి వెళ్లిన బరువు రేఖ భుజాల నుంచి వస్తుంది. మధ్యస్థంగా చెడ్డ రోజులు తగ్గి, బాగా చెడ్డ రోజులు పెరుగుతాయి. అందుకే నార్మల్ ఆధారంగా కట్టిన గీతను 95 శాతం దగ్గర పరీక్షించి, పాస్ అయిందని సంతోషించడం ప్రమాదకరం. ఆ పరీక్ష తప్పును దాచిపెడుతుంది.

గీత దాటాక ఎంత లోతు అన్నది మరో ప్రశ్న. నార్మల్ ప్రకారం 99 శాతం గీత దాటిన రోజుల సగటు నష్టం 2.67 సిగ్మాలు, అంటే మన ఏడాదికి 4.4 శాతం. నిజంగా దాటిన ఆరు రోజుల సగటు 7.3 శాతం. గీత ఎక్కడుందో మాత్రమే చెప్పే వాల్యూ ఎట్ రిస్క్‌కు ఈ తేడా కనబడదు. బ్యాంకుల మార్కెట్ రిస్క్ పెట్టుబడికి బాసెల్ కమిటీ తెచ్చిన కొత్త నిబంధనలు 99 శాతం గీతను వదిలి, 97.5 శాతం గీత దాటాక వచ్చే సగటు నష్టాన్ని కొలవమనడం వెనుక ఈ ఆలోచనే ఉంది.

ఇక 23వ తేదీ. 1.65 సిగ్మాతో కొలిస్తే ఆ పతనం 7.9 సిగ్మాలు. నార్మల్ రేఖను నమ్మితే అలాంటి రోజు సుమారు రెండు లక్షల కోట్ల సంవత్సరాలకు ఒకసారి రావాలి. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. ఇలాంటి అంకె లెక్కలో వచ్చినప్పుడు అరుదైన ఘటన జరిగిందని రాయకూడదు. వాడిన విభాజనమే తప్పని రాయాలి.

ఊగుడును తీసేస్తే తోక పోతుందా

గుంపులు కలవడం వల్లే తోక వస్తే, ప్రతి రోజు రాబడినీ ఆ రోజు వరకు తెలిసిన సిగ్మాతో భాగిస్తే నార్మల్ మిగలాలి కదా? ఈ ప్రశ్నకు మన దేశంలో ఒక ఆచరణాత్మక జవాబు ఉంది. సూచీ ఫ్యూచర్స్ మొదలుపెట్టే ముందు మార్జిన్ ఎంత ఉండాలో చెప్పమని సెబీ నియమించిన జె.ఆర్. వర్మ కమిటీ 1998లో నివేదిక ఇచ్చింది. సిగ్మాను రోజూ తిరిగి లెక్కకట్టాలంది: నిన్నటి వ్యత్యాసానికి 0.94 బరువు, నిన్నటి రాబడి వర్గానికి 0.06 బరువు. మార్జిన్‌ను మాత్రం 2.33 సిగ్మాల దగ్గర ఆపలేదు, 3 సిగ్మాలు పెట్టింది. ఆ పైన పెట్టిన బరువు లావు తోకల కోసమే.

ఆ సూత్రాన్ని మార్చి 2020 మీద నడిపి చూడవచ్చు. నెల మొదట్లో సిగ్మా 0.9 శాతం అనుకుని రోజూ సవరిస్తూ పోతే, 9వ తేదీ ఉదయానికి అది 1.05 మాత్రమే. ఆ రోజు పతనం 4.9 శాతం, 4.6 సిగ్మాలు. 12వ తేదీ ఉదయానికి సిగ్మా 1.53, పతనం 8.3 శాతం, 5.4 సిగ్మాలు. అప్పటికి సూత్రం మేలుకుంది. 16వ తేదీకి సిగ్మా 2.6కి చేరింది కాబట్టి ఆ రోజు 7.6 శాతం పతనం 2.9 సిగ్మాల్లోనే, అంటే మార్జిన్ లోపలే ఇమిడింది. 23వ తేదీ ఉదయానికి సిగ్మా 3.47. పదమూడు శాతం పతనం 3.7 సిగ్మాలు.

స్థిరమైన 0.9 సిగ్మాతో కొలిస్తే 14 సిగ్మాలయ్యే రోజు, కదిలే సిగ్మాతో కొలిస్తే 3.7 అయింది. తోకలో ఎక్కువ భాగం కరిగింది. కానీ పోలేదు. మూడు సిగ్మాల గీత ఒకే నెలలో మూడుసార్లు తెగింది. నార్మల్‌లో అలా కిందికి తెగేది 740 రోజులకు ఒకసారి. రెండు తెగింపులు మొదట్లోనే, సూత్రం ఇంకా ప్రశాంత రోజుల జ్ఞాపకంలో ఉన్నప్పుడే వచ్చాయని గమనించాలి. గతాన్ని చూసి సిగ్మా కట్టే ఏ పద్ధతికైనా ఈ తడబాటు తప్పదు: మొదటి దెబ్బ ఎప్పుడూ పాత సిగ్మా మీదే పడుతుంది. బోలెర్‌స్లెవ్ 1987లో గార్చ్‌లో నార్మల్ బదులు స్టూడెంట్ టి విభాజనాన్ని పెట్టింది ఈ మిగులు తోక కోసమే.

పరీక్ష పరిమితులు

జార్క్–బెరా గీతలు రాబడులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్న ఊహ మీద కట్టినవి. ఊగుడు గుంపులుగా వచ్చే శ్రేణిలో ఆ ఊహ నిలవదు, కాబట్టి పి విలువను దశాంశాల దాకా నమ్మకూడదు. 2,700 లాంటి అంకె దగ్గర అది ముఖ్యం కాదు. 7, 8 లాంటి అంకె దగ్గర ముఖ్యం. పదేళ్ల రోజువారీ రాబడులు తీసుకుంటే ఈ పరీక్ష దాదాపు ప్రతి షేరునూ తిరస్కరిస్తుంది. n పెద్దదైనప్పుడు చిన్న తేడాకూ అంకె ఉబ్బుతుంది కాబట్టి, అప్పుడు JB ఎంత అన్నదాని కన్నా K ఎంత, ఆ K ఎన్ని రోజుల నుంచి వచ్చింది అన్నదే అడగదగ్గ ప్రశ్న.

K కూడా నమ్మకమైన అంకె కాదు. ఎన్నో మార్కెట్లలో రోజువారీ రాబడుల తోక ఘాతాంకం మూడు దరిదాపుల్లో ఉంటుందని అంచనాలున్నాయి. ఘాతాంకం నాలుగు కన్నా తక్కువైతే నాలుగో ఘాతానికి పరిమితమైన సగటే ఉండదు. అప్పుడు నమూనాలో కట్టే కర్టోసిస్ దేనికీ అంచనా కాదు. డేటా పెరిగే కొద్దీ ఒకచోట కుదురుకోకుండా ప్రతి కొత్త సంక్షోభంతో ఎగిరిపడుతుంది. దీన్ని పసిగట్టడానికి మంచి మార్గం, శ్రేణి మొదటి రోజు నుంచి ఒక్కో రోజు కలుపుతూ కర్టోసిస్‌ను గీసి చూడటం. మెల్లగా సమతలమైతే మంచిది. ఒకే రోజున మెట్టులా లేచి, తరవాత నిదానంగా కిందికి జారుతూ, మరో రోజున మళ్లీ లేస్తే ఆ అంకెను ఏ సూత్రంలోనూ పెట్టకూడదు.

పెట్టాలన్న ఆశ పుట్టించేది కార్నిష్–ఫిషర్ సవరణ. స్క్యూనెస్, కర్టోసిస్ ఇస్తే వాల్యూ ఎట్ రిస్క్ గీతను జరిపి ఇస్తుంది. అదనపు కర్టోసిస్ చిన్నదిగా ఉన్నంతవరకు పనికొస్తుంది. స్క్యూనెస్ సున్నా అయినప్పుడు K ఎనిమిది దాటితే దాని రేఖ వెనక్కి తిరుగుతుంది. మధ్యలో ఎక్కువ సంభావ్యత ఉన్న గీత తక్కువదాని కన్నా లోపలికి వచ్చేస్తుంది. మన నమూనా ఏడాదికి K 16. ఆ సూత్రంలో వేస్తే 99 శాతం గీత 3.84 నుంచి దాదాపు 10 శాతానికి ఎగురుతుంది. ఆ పదికి అర్థం లేదు. అలాంటిచోట ఆరు చెడ్డ రోజులనూ వాటి తేదీలతో, వాటి నష్టాలతో కాగితం మీద వరసగా పెట్టడమే మెరుగైన నివేదిక: 12.98, 8.30, 7.61, 5.56, 4.90, 4.38.